మైకులో చెప్పిన మాటే హాలుకు మొదటి నిబంధన

గుడి పక్కన కొత్తగా కల్యాణ మండపం కట్టారు. ప్రారంభోత్సవం రోజు కమిటీ అధ్యక్షుడో కార్యదర్శో మాట్లాడాలి. చాలా చోట్ల ఈ ప్రసంగం పెద్దలకు స్వాగతం, దాతల పేర్లు, దేవుడి దయ అనే మూడు ముక్కలతో ముగుస్తుంది. కానీ వింటున్న వాళ్ల మనసులో ఉండే ప్రశ్నలు వేరు. హాలు ఎవరిది? మాకిస్తారా? అద్దె ఎంత? వీటికి మైకులో జవాబు రాకపోతే భోజనాల బంతిలో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటారు. తొందరలో తప్పు జవాబు చెప్పినా అదే నిలిచిపోతుంది. ఆరు నెలల తర్వాత పెళ్లి పెట్టుకున్న ఇంటాయన వచ్చి, "ఆ రోజు మీరే మైకులో చెప్పారు కదండీ" అని అడిగితే కమిటీ తప్పించుకోలేదు. అందుకే ఈ ప్రసంగాన్ని హాలు నిబంధనల తొలి ప్రకటనగా ఎంచి రాసుకోవాలి.

ఉదాహరణకు ఒక ఊరి రామాలయాన్ని తీసుకుందాం. పైన మూడు వందల మంది కూర్చునే హాలు, కింద భోజనశాల, వెనక వంటగది కట్టారనుకుందాం. మొత్తం ఖర్చు 48 లక్షలు. చందాలుగా 36 లక్షలు వచ్చాయి. గుడి నిధి నుంచి 8 లక్షలు తీశారు. ఇనుము, సిమెంటు కొట్లకు ఇంకా 4 లక్షలు బాకీ ఉంది.

ఈ లెక్క ప్రసంగంలో ముందే రావాలి, బాకీతో సహా రావాలి. శుభమా అని మొదలుపెడుతూ అప్పు మాట ఎందుకని కొందరు దాచేస్తారు. రెండు నెలలకు మళ్లీ చందా పుస్తకం పట్టుకుని తిరిగేసరికి, అంత డబ్బూ ఏమైందన్న అనుమానం పుడుతుంది. మొదటి రోజే చెప్పేస్తే ఆ అనుమానానికి చోటుండదు. ఇలా చెప్పవచ్చు: "మీరిచ్చిన చందాలు 36 లక్షలు. స్వామి నిధి నుంచి 8 లక్షలు తీసుకున్నాం. మరో 4 లక్షలు కొట్లకు ఇవ్వాలి. రసీదులూ బిల్లులూ ఆఫీసు గదిలో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు." అర నిమిషం కూడా పట్టదు.

దాతల విషయంలో తగాదా వచ్చేది సాధారణంగా పేర్లు చదివేటప్పుడే. రెండు వందల పేర్లు చదివితే సభ లేచిపోతుంది. పదిమంది పెద్ద దాతల పేర్లే చదివితే ఐదు వందలు ఇచ్చిన కూలి మనిషి చిన్నబోతాడు. దీనికో దారి ఉంది. పేర్లన్నీ గోడమీద జాబితాగా పెట్టి, ప్రసంగంలో దానాన్ని రకాలవారీగా తలుచుకోవాలి. స్థలం ఇచ్చినవారు, డబ్బు ఇచ్చినవారు, ఇసుక తోలిన ట్రాక్టర్ల వాళ్లు, శ్లాబు వేసిన రోజు శ్రమదానం చేసినవారు, మేస్త్రీలకు అన్నం వండిపెట్టిన ఆడవాళ్లు. ఇలా చెబితే ఎవరి వంతు వాళ్లకు వినపడుతుంది. స్థలదాత పేరు మాత్రం తప్పకుండా చెప్పాలి. ఆ స్థలం గుడి పేరున రిజిస్టరు అయిందా లేదా అన్నది కూడా అప్పుడే చెప్పాలి. నోటిమాటగా ఇచ్చిన స్థలం మీద కట్టిన హాలు, దాత వారసుల కాలంలో కోర్టుకెక్కే ప్రమాదం ఉంది. రిజిస్ట్రేషన్ కాకపోతే ప్రారంభోత్సవం కంటే ముందు ఆ పని చూసుకోవడం మంచిది.

ఇక "ఊరి పేదలందరికీ ఉచితం" అన్న మాట. చప్పట్లు బాగా పడతాయి కాబట్టి వేదిక మీద ఎవరో ఒకరికి ఈ మాట నోటికొస్తుంది. అనేముందు లెక్క వేసుకోవాలి. మన ఉదాహరణలో కాపలాకు, ఊడ్చి కడగడానికి నెలకు 9,000, కరెంటుకు సగటున 3,000 అవుతాయనుకుందాం. నెలకు 12,000, ఏడాదికి 1,44,000. రోజు అద్దె 6,000 పెడితే, ఆ ఖర్చు రాబట్టడానికే ఏడాదిలో 24 రోజులు హాలు అద్దెకు పోవాలి. సున్నాలు, మోటారు రిపేర్లు, కొట్ల బాకీ ఇందులో కలపలేదు. మూఢాలు, శూన్యమాసాలు పోగా పెళ్లి ముహూర్తాలు కొన్ని నెలల్లోనే గుమికూడుతాయి కనుక 24 రోజులు తేలిక కాదు. ఉచితం అనేస్తే రెండేళ్లలో పగిలిన కుళాయిలు మిగులుతాయి. దానికి బదులు, "ఏడాదికి నాలుగు పెళ్లిళ్లకు సగం అద్దె. అర్జీలు కమిటీ చూస్తుంది" అంటే నిలబెట్టుకోగలిగిన మాట అవుతుంది. ఆ మాట కూడా కమిటీ తీర్మానం రాసుకున్నాకే మైకులోకి రావాలి. గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే అద్దెను ఊరిపెద్దలు మాత్రమే నిర్ణయించలేరు, ముందుగా ఈవోతో మాట్లాడాలి.

అద్దెకు సంబంధించి ఇంకో హద్దు ఉంది. ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధార్మిక సంస్థగా నమోదైన ట్రస్టు, తన ప్రార్థనా స్థలం ఆవరణలోని కల్యాణ మండపాన్ని అద్దెకిస్తే, రోజుకు 10,000 రూపాయల లోపు అద్దెపై జీఎస్టీ మినహాయింపు ఉంది. అద్దె 10,000 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. ఏడాది రాబడి జీఎస్టీ పరిమితి దాటే పెద్ద సంస్థలకే ఇది పట్టింపు. అలాంటి చోట "అద్దె పదివేలు" అని రౌండు అంకె ప్రకటించేముందు ఆడిటరును అడగాలి.

హాలు ఎవరికిస్తారన్నది అన్నిటికంటే స్పష్టంగా చెప్పాల్సిన మాట. "అందరిదీ" అంటే సరిపోదు. ఎస్సీ పేటలోని కుటుంబం ఆ మాట విని కూడా అడగడానికి జంకవచ్చు. "ఊళ్లో ఏ పేట వాళ్లకైనా ఇదే అద్దె, ఇవే నిబంధనలు. ముందు అడ్వాన్సు కట్టినవారికి ముందు" అని విడమర్చి చెప్పాలి. అంటరానితనం పేరుతో గుడిలోకి గానీ, ప్రజల వాడకం కోసం అంకితం చేసిన స్థలాల్లోకి గానీ రానివ్వకపోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద శిక్షార్హమైన నేరం. ఈ మాట అధ్యక్షుడి నోటి నుంచి అందరి ఎదుట వస్తే, తర్వాత తాళం చేతిలో ఉన్న మనిషి సాకులు చెప్పలేడు.

గుడికి ఆనుకున్న హాలు కాబట్టి వచ్చే షరతులు కూడా అప్పుడే చెప్పాలి. శ్రీరామనవమికి, ఉత్సవాల రోజులకు హాలు స్వామిదే, ఆ తేదీలు అద్దెకివ్వరు. మద్యం లేదు, వంట శాకాహారమే. ఈ చివరిది కమిటీ నిర్ణయం. చాలా పెళ్లిళ్లలో మాంసాహారం ఉంటుంది కనుక ముందే చెప్పకపోతే పెళ్లి రోజున వంటగది గుమ్మం దగ్గర గొడవవుతుంది. మైకుల విషయంలో కమిటీ ఇష్టంతో పనిలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. తలుపులు మూసిన హాలులో, లోపలివారికి వినపడే మేరకు వాడుకోవచ్చు. కాబట్టి "పది దాటితే బయటి బాక్సులు కట్టేయాలి" అన్న ఒక్క వాక్యం చాలు.

ఇవన్నీ చెప్పినా ప్రసంగం ఏడెనిమిది నిమిషాలు దాటదు. రాసుకున్నాక ఇంట్లో గడియారం పెట్టుకుని పైకి చదివి చూసుకోవాలి. అంకెలు వచ్చినచోట ఆగి, మరోసారి చెప్పాలి. అతిథుల ప్రసంగాల కంటే ముందే ఇది అయిపోవాలి. అప్పుడు అతిథి ఏదైనా కొత్త వాగ్దానం చేయబోయినా, కమిటీ మాట అప్పటికే సభకు తెలిసి ఉంటుంది.

చెప్పిన నిబంధనలనే, అవే మాటల్లో ఒక కాగితం మీద అచ్చు వేయించి సభ ముగిసేలోగా హాలు గుమ్మం పక్కన అతికించాలి. ప్రసంగం సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే మొదటిసారి హాలు అడగడానికి వచ్చినవారిని గమనించండి. అద్దె ఎంత, ఏమేం కూడదు అని వాళ్లు మళ్లీ అడగకుండా నేరుగా తేదీ చెప్పి అడ్వాన్సు కడితే, ఆ రోజు మైకులో చెప్పింది ఊరికి చేరినట్టే.