జులై 31 దాటితే ఎవరికి ఎంత నష్టం?

ప్రతి ఏడాదీ ఆగస్టు 1 ఉదయం మా ఆఫీసు ఫోను ఒకే ప్రశ్నతో మొదలవుతుంది. "ఆడిటర్ గారూ, రాత్రి పన్నెండు దాటిపోయిందండీ. ఓటీపీ రాలేదు. ఇప్పుడు నోటీసు వస్తుందా?" అవతలి గొంతులో వణుకు తెలుస్తూనే ఉంటుంది. అంతకుముందు వారం రోజులుగా ఆయన ఫోనుకు ఎవరెవరో పంపిన హెచ్చరికలు, పెనాల్టీ అనీ జైలు అనీ ఎర్రక్షరాల్లో ఉన్నవి, బుర్రలో తిరుగుతూ ఉంటాయి. నేను చెప్పేది ఒక్కటే. "ఒక్కరోజు దాటినంత మాత్రాన ఎవరూ మీ ఇంటికి రారండీ. ఫారం 16 తీసుకుని రండి, మీకు నిజంగా ఎంత నష్టమో లెక్క చూద్దాం."

ఆ లెక్క అందరికీ ఒకటి కాదు. కొందరికి నష్టం సున్నా, కొందరికి వెయ్యి రూపాయలు, కొందరికి ముప్పై వేల పైమాట. మీరు ఏ కోవలో ఉన్నారో ముందే తెలిస్తే, ఈ తేదీ గురించి ఎంత పట్టించుకోవాలో మీకే అర్థమవుతుంది.

జీతం, పింఛను, బ్యాంకు వడ్డీ వంటి ఆదాయం ఉన్నవాళ్లు 2025-26 ఆర్థిక సంవత్సరపు రిటర్ను వేయడానికి గడువు 2026 జులై 31. ఖాతాలు ఆడిట్ చేయించాల్సిన వ్యాపారుల తేదీ వేరు, వాళ్ల సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. జులై 31 దాటినా తలుపు మూసుకుపోదు. ఆలస్యపు రిటర్ను డిసెంబరు 31 వరకూ వేసుకోవచ్చు. కాకపోతే మొత్తం ఆదాయం 5 లక్షలు దాటినవాళ్లు 5,000 రూపాయలు, 5 లక్షల లోపువాళ్లు 1,000 రూపాయలు ఆలస్య రుసుము కట్టాలి. కట్టాల్సిన పన్ను ఇంకా మిగిలి ఉంటే దాని మీద నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. నెలలో ఒక్కరోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క.

ఒక విశ్రాంత ఉద్యోగిని సంగతి తీసుకుందాం. ఏడాదికి పింఛను 2,40,000, ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వడ్డీ 1,40,000. మొత్తం 3,80,000. వడ్డీ లక్ష దాటింది కాబట్టి బ్యాంకు 10 శాతం చొప్పున 14,000 రూపాయలు టీడీఎస్ కోసింది. కొత్త విధానంలో 4 లక్షల వరకూ పన్నే లేదు కాబట్టి ఆ 14,000 ఆమెకు తిరిగి రావాలి. ఆమె జులై 31 మరిచిపోయి సెప్టెంబరులో రిటర్ను వేసినా ఆలస్య రుసుము ఉండదు, ఎందుకంటే ఆదాయం పన్ను పరిమితికి లోపే ఉంది. రీఫండు కూడా వస్తుంది. ఆలస్యం వల్ల పోయేదల్లా రీఫండు మీద ప్రభుత్వం ఇచ్చే నెలకు అర శాతం వడ్డీలో కొన్ని నెలల భాగం. ఆమె గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ డిసెంబరు 31. అది కూడా దాటితే మామూలు దారిలో ఆ 14,000 రాదు. ఆలస్యాన్ని మన్నించమని శాఖకు దరఖాస్తు పెట్టుకుని, వాళ్లు ఒప్పుకుంటేనే వస్తుంది.

ఇక జులై 31 నిజంగా ఎవరికి బరువో చూద్దాం. పాత పన్ను విధానంలో ఉండాలనుకునే జీతగాళ్లకు. రెండు మూడేళ్లుగా నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇదే. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానమే అందరికీ వర్తించే మామూలు విధానం అయింది. పాతది కావాలంటే రిటర్నులో ఎంచుకోవాలి, ఆ రిటర్ను గడువులోపు వేయాలి. గడువు దాటితే ఆ ఏడాదికి పాత విధానం లేదు. ఆఫీసులో ఏ విధానం చెప్పారు, వాళ్లు దేని ప్రకారం కోశారు అన్నది ఇక్కడ అక్కరకు రాదు.

అంకెల్లో చూస్తే దీని బరువు తెలుస్తుంది. హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేసే ఒకాయన జీతం ఏడాదికి 14 లక్షలు, అందులో బేసిక్ 6 లక్షలు. నెలకు 25,000 అద్దె ఇంట్లో ఉంటారు. వరంగల్లులో అప్పు చేసి కట్టిన సొంతిల్లుంది, అందులో అమ్మానాన్నలు ఉంటారు. పాత విధానంలో ఆయనకు ఇంటి అద్దె భత్యం మీద 2,40,000, గృహరుణ వడ్డీ మీద 2,00,000, పీఎఫ్, ఎల్ఐసీల కింద 1,50,000, ఎన్‌పీఎస్‌కు 50,000, ఆరోగ్య బీమాకు 25,000, స్టాండర్డ్ డిడక్షన్ 50,000 తగ్గుతాయి. అన్నీ కలిపి 7,15,000. పన్ను పడే ఆదాయం 6,85,000, దాని మీద సెస్సుతో కలిపి పన్ను 51,480. ఆఫీసువాళ్లు ఆయన ఇచ్చిన కాగితాలు చూసి సరిగ్గా ఇంతే కోశారు. జులై 31 లోపు రిటర్ను వేస్తే ఆయన కట్టాల్సింది ఒక్క రూపాయి లేదు.

అదే రిటర్ను ఆగస్టు 10న వేశారనుకోండి. లెక్క కొత్త విధానంలోకి జారిపోతుంది. అక్కడ 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తప్ప పైన చెప్పినవేవీ తగ్గవు. పన్ను పడే ఆదాయం 13,25,000, పన్ను సెస్సుతో 81,900. కోసినది పోను 30,420 రూపాయలు తక్కువ పడింది. దాని మీద ఒక నెల వడ్డీ 304, ఆలస్య రుసుము 5,000. మొత్తం 35,724. ముందస్తు పన్ను కట్టలేదని పడే వడ్డీలు వేరే ఉంటాయి, వాటిని ఇందులో కలపలేదు. పది రోజుల ఆలస్యానికి దాదాపు ఒకటిన్నర నెలల అద్దె పోయింది. జరిమానా అని అందరూ భయపడే 5,000 ఇందులో చిన్న ముక్క, పెద్ద దెబ్బంతా విధానం మారడం వల్ల తగిలింది.

మీరు ఈ కోవలో ఉన్నారో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ఫారం 16 రెండో భాగంలో మీ ఆఫీసు ఏ విధానం ప్రకారం లెక్క కట్టిందో రాసి ఉంటుంది. అద్దె భత్యం మినహాయింపు, 80సీ వంటివి అందులో కనిపిస్తే మీది పాత విధానమే, జులై 31 మీకు గట్టి తేదీ. ఆఫీసు కొత్త విధానంలో కోసినా, ఇంటి కాగితాలన్నీ కలుపుకుంటే పాతదే లాభమనిపిస్తే అదీ జులై 31 లోపే తేల్చుకోవాలి.

షేర్లలో నష్టపోయినవాళ్లకూ ఈ తేదీ ముఖ్యమే. ఈ ఏడాది షేర్లు అమ్మి 80,000 నష్టపోయారంటే, గడువులోపు రిటర్ను వేసినవాళ్లు ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకూ ముందుకు తీసుకెళ్లి రాబోయే లాభాల్లోంచి తీసేసుకోవచ్చు. ఆలస్యమైతే ఆ నష్టం ఈ ఏడాదితోనే ముగుస్తుంది. వచ్చే ఏడాది అంతే స్వల్పకాల లాభం వస్తే 20 శాతం చొప్పున 16,000 పన్ను కట్టాలి. ఆదాయం లేదు, నష్టమే కదా, రిటర్ను ఎందుకని ఊరుకునే కుర్రాళ్లను చాలామందిని చూశాను. నష్టం వచ్చిన ఏడాదే రిటర్ను తప్పక వేయాలి.

అలాగని ఏప్రిల్లోనే వేసేయమని నేను చెప్పను. చివరి మూడు నెలల టీడీఎస్ వివరాలు ప్రభుత్వానికి పంపడానికి ఆఫీసులకు, బ్యాంకులకు మే 31 వరకూ సమయం ఉంది. ఫారం 16 ఇవ్వడానికి జూన్ 15 వరకూ ఉంది. మేలో పోర్టల్ తెరిచి 26ఏఎస్ చూస్తే జనవరి, ఫిబ్రవరి, మార్చి వరుసలు ఖాళీగా కనిపించవచ్చు. ఆ స్థితిలో వేసిన రిటర్నుకు తర్వాత సవరణ తప్పదు. జూన్ 20 నుంచి జులై 15 మధ్య వేసుకోవడం అన్నిటికంటే హాయి. ఆ రోజుల్లో 26ఏఎస్‌తో పాటు వార్షిక సమాచార పట్టిక, అంటే ఏఐఎస్ కూడా తెరిచి ఫారం 16 పక్కన పెట్టుకోండి. ఫారం 16లో లేకుండా ఏఐఎస్‌లో కనిపించేది చాలావరకు బ్యాంకు వడ్డీ. జనం ఎక్కువగా వదిలేసేది అదే. తర్వాత శాఖ నుంచి లెక్క తేడా ఉందని ఉత్తరం వచ్చేదీ దాని గురించే.

గడువు పొడిగిస్తారులే అని కూర్చోవడమూ మంచిది కాదు. 2025లో జులై 31ని సెప్టెంబరు 15కి, ఆఖర్న మరో రోజు కలిపి 16కి పొడిగించారు. ఆ ఏడాది రిటర్ను ఫారాలు బాగా మారి, సిద్ధం కావడం ఆలస్యమైంది. 2024లో పొడిగించలేదు. ఆ జులై 31 నాటికి 7.28 కోట్ల రిటర్నులు వస్తే, అందులో దాదాపు 70 లక్షలు ఆ ఒక్కరోజే వచ్చాయి. ఆ రోజు ఓటీపీ కోసం ఎదురుచూసినవాళ్లకు అదెంత యాతనో తెలుసు.

చివరిగా, నన్ను ఎక్కువ బాధపెట్టే పొరపాటు. కిందటేడాది కాదు, అంతకుముందు, ఒక స్కూలు మాస్టారు రిటర్ను జులై 30న తానే స్వయంగా వేశారు. స్క్రీను మీద రసీదు నంబరు కనిపించింది, రాసుకున్నారు, పని అయిపోయిందనుకున్నారు. సెప్టెంబరులో రీఫండు రాలేదని నా దగ్గరకు వచ్చారు. పోర్టల్ తెరిచి View Filed Returns చూస్తే అక్కడ Pending for e-Verification అని ఉంది. రిటర్ను పంపడం సగం పనే. ఆధార్ ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో, సంతకం చేసిన ఐటీఆర్-వి కాగితాన్ని బెంగళూరుకు పంపో 30 రోజుల్లోగా ధ్రువీకరించాలి. ఆ 30 రోజులు దాటాక ధ్రువీకరిస్తే, ధ్రువీకరించిన రోజునే రిటర్ను వేసినట్టు లెక్క. మాస్టారి జులై 30 కాస్తా సెప్టెంబరు అయింది. ఆయన పాత విధానం పోయింది, రీఫండు పోయి ఎదురు కట్టాల్సి వచ్చింది. తప్పంతా రెండు నిమిషాల ఓటీపీ దగ్గర జరిగింది.

కాబట్టి ఈ ఏడాది రిటర్ను పంపిన వెంటనే, కుర్చీలోంచి లేవకముందే, ఆధార్‌కు జతపరిచిన ఫోను దగ్గర పెట్టుకుని ధ్రువీకరణ ముగించండి. మర్నాడు ఒకసారి పోర్టల్లోకి వెళ్లి చూడండి. Successfully e-Verified అని కనిపిస్తేనే మీ రిటర్ను దాఖలైనట్టు.