అడ్వాన్సు తీరాకే రాయల్టీ

పుస్తకం అచ్చుకాకముందే ప్రచురణకర్త రచయితకు ఇచ్చే అడ్వాన్సు అదనపు పారితోషికం కాదు. ఆ పుస్తకానికి ఇకముందు రావలసిన రాయల్టీలోంచే కొంత ముందుగా ఇవ్వడం. అమ్మకాల మీద రాయల్టీ లెక్కకు వచ్చినప్పుడల్లా అడ్వాన్సు కింద జమ అవుతుంది. అడ్వాన్సు మొత్తం తీరాకే రచయిత చేతికి మళ్లీ డబ్బు వస్తుంది. అలాగని ఇది అప్పూ కాదు. పుస్తకం సరిగా అమ్ముడుపోక కొంత మిగిలిపోయినా, ఆ నష్టం ప్రచురణకర్తదే. దీన్ని కనీస హామీ అనేది అందుకే. రచయిత రాతప్రతి ఇవ్వకపోతే మాత్రం ఇచ్చింది తిరిగి అడిగే షరతు ఒప్పందంలో సాధారణంగా ఉంటుంది. ఆ జాగ్రత్త కోసమే అడ్వాన్సును తరచు వాయిదాల్లో ఇస్తారు: సంతకం చేసినప్పుడు కొంత, రాతప్రతి ఆమోదించాక కొంత, పుస్తకం విడుదలయ్యాక మిగిలింది.

ఒక లెక్క చూస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. పుస్తకం ధర 400 రూపాయలు, దాని మీద రాయల్టీ 10 శాతం, అడ్వాన్సు 60,000 అనుకుందాం. ప్రతికి 40 రూపాయల చొప్పున 1,500 ప్రతులు అమ్మితే అడ్వాన్సు తీరుతుంది. మొదటి ఏడాది 900 ప్రతులు పోయాయి. 36,000 జమపడి ఇంకా 24,000 మిగిలింది. రెండో ఏడాది 500 అమ్ముడైనట్టు కనిపించినా, దుకాణాలు అమ్ముడుపోని 80 ప్రతులు వెనక్కి పంపాయి. లెక్కకు వచ్చింది 420, అంటే 16,800, మిగిలింది 7,200. మూడో ఏడాది 300 ప్రతులకు వచ్చిన 12,000లో ఆ 7,200 పోగా, 4,800 రచయితకు చెల్లించాలి. మొదటి రెండేళ్లూ లెక్కల కాగితం అందుతుంది, చెక్కు మాత్రం రాదు. అందులో మోసమేమీ లేదు.

వెనక్కి వచ్చే ప్రతుల భయంతో కొందరు ప్రచురణకర్తలు రాయల్టీలో కొంత భాగాన్ని ఆపి ఉంచుతారు. ఎంత ఆపాలో, ఎన్నాళ్లలో విడుదల చేయాలో ఒప్పందంలో రాసి లేకపోతే ఆ సొమ్ము ఏళ్ల తరబడి కదలదు.

అసలు తిరకాసు శాతంలో కంటే, ఆ శాతాన్ని దేని మీద కడుతున్నారన్న దాంట్లో ఉంటుంది. ముద్రిత ధర మీద కాకుండా ప్రచురణకర్తకు చేరిన సొమ్ము మీద 10 శాతం అని రాసుకుంటే, దుకాణానికి 45 శాతం తగ్గింపు పోగా చేరేది 220 రూపాయలే. రాయల్టీ 22కి పడిపోతుంది. అదే 60,000 తీరాలంటే ఇప్పుడు 2,728 ప్రతులు అమ్మాలి.

ఒకే ప్రచురణకర్తకు రెండు పుస్తకాలు రాసేవారు మరో షరతును వెతికి చూసుకోవాలి. రెండింటి ఖాతా కలిపి ఉంటే, మొదటి పుస్తకంలో తీరని అడ్వాన్సును రెండో పుస్తకం రాయల్టీలోంచి మినహాయిస్తారు. మొదటిది ఆడకపోతే, రెండోది బాగా అమ్ముడైనా డబ్బు రాదు. ఏ పుస్తకం ఖాతా ఆ పుస్తకానిదే అని ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించుకుంటే ఈ చిక్కు ఉండదు.