టేబుళ్లు రెండు, పిల్లలు 32 మంది: ఫోర్‌హ్యాండ్ పుష్ నేర్పే పద్ధతి

రెండు టేబుళ్లున్న బడిలో 32 మంది పిల్లలకు 40 నిమిషాల ఆటల పీరియడ్‌లో టేబుల్ టెన్నిస్ నేర్పాలంటే లెక్క మొదటే ఎదురు తిరుగుతుంది. టేబుల్‌కు ఇద్దరు చొప్పున ఒక్కసారి నలుగురే ఆడగలరు. వంతులు వేస్తే ఒక్కొక్కరికి దక్కేది 5 నిమిషాలు. కొత్తవాళ్ల ఆటలో అందులో చాలా భాగం బంతి వెంట పరుగెత్తడానికే పోతుంది. మిగతా 28 మంది గోడవారన నిలబడి కబుర్లు చెప్పుకుంటారు.

అయితే మొదట నేర్పవలసినవి బ్యాట్ పట్టుకోవడం, సిద్ధంగా నిలబడటం, ఫోర్‌హ్యాండ్ పుష్. వీటిలో మొదటి రెంటికీ టేబుల్‌తో పనే లేదు. మూడోదానిలో కూడా సగం నేల మీద నేర్చుకోవచ్చు. ఎదుటినుంచి స్పిన్‌తో వచ్చిన బంతి టేబుల్ మీద పడి లేచే క్షణాన్ని పట్టుకోవడం ఒక్కటే టేబుల్ దగ్గర తప్ప రాదు. కాబట్టి టేబుళ్లను ఆ ఒక్క పనికే అట్టిపెడితే లెక్క కుదురుతుంది.

పట్టుతో మొదలుపెట్టాలి. చైనా, జపాన్ ఆటగాళ్లలో కొందరు కలం పట్టుకున్నట్టు పట్టే పెన్‌హోల్డ్ పద్ధతి ఉన్నా, ఆకుల శ్రీజ, ఆచంట శరత్ కమల్ సహా మన దేశంలో ఎక్కువమంది ఆడేది షేక్‌హ్యాండ్ పట్టుతోనే. బ్యాట్‌ను నిలువుగా పెట్టి, కరచాలనానికి చాచినట్టు చేయి చాచి పిడిని అందుకోవాలి. మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు పిడి చుట్టూ ఉంటాయి. బొటనవేలు ఫోర్‌హ్యాండ్ వైపు రబ్బరు అంచు దగ్గర వాలుతుంది. చూపుడువేలు వెనకవైపు రబ్బరు కింది అంచు వెంబడి చాచి ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే కోణంలో బ్యాట్ అంచు సరిగ్గా కూర్చోవాలి. చేయి ముందుకు చాచినప్పుడు ఆ అంచు ముంజేతికి సూటిగా కొనసాగితే పట్టు కుదిరినట్టే. పైకో కిందికో విరిగినట్టు కనిపిస్తే మణికట్టు వంగిందని అర్థం.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పులు రెండు. మొదటిది, చీపురుకట్టను పట్టినట్టు అయిదు వేళ్లూ పిడి చుట్టూ బిగించడం. ఇలా పడితే బ్యాట్ ముఖం ఎటు తిరిగిందో చేతికి తెలియదు. రెండోది, చూపుడువేలును రబ్బరు మధ్యదాకా చాచడం. చిన్న చేతికి బ్యాట్ బరువైనప్పుడు పిల్లలు ఆ వేలిని ఊతంగా వాడుకుంటారు. తిట్టడం కన్నా తేలిక బ్యాట్ ఇవ్వడం, లేదా పిడిని ఇంకాస్త పైకి, రబ్బరుకు ఆనుకునేలా పట్టించడం మేలు. బిగువు ఎంత ఉందో పక్కవాడే పరీక్షించగలడు. బ్యాట్‌ను మెల్లగా లాగితే చేతిలోంచి జారిపోకూడదు, గోళ్లు తెల్లబడేంత బిగించీ ఉండకూడదు.

ఇప్పటి నియమాల ప్రకారం బ్యాట్‌కు ఒకవైపు నలుపు, మరోవైపు నలుపు నుంచి స్పష్టంగా వేరుగా కనిపించే ప్రకాశవంతమైన రంగు రబ్బరు ఉండాలి. మామూలుగా అది ఎరుపు. తరగతి అంతా ఎర్రవైపునే ఫోర్‌హ్యాండ్‌గా పట్టాలని ఒక మాట అనుకుంటే, ఎవరు బ్యాట్ తిప్పిపట్టారో పీఈటీకి దూరం నుంచే కనిపిస్తుంది.

తరువాత నిలబడటం. నేల మీద సుద్దతో గీత గీస్తే అదే టేబుల్ అంచు. చేయి చాచితే బ్యాట్ కొస ఆ గీత మీదికి వచ్చేంత దూరంలో నిలవాలి. పాదాలు భుజాల కన్నా కాస్త ఎడంగా ఉండాలి. కుడిచేతివాటం వాళ్ల కుడిపాదం పిసరంత వెనక్కి ఉంటుంది. మోకాళ్లు వంచి, నడుము పైభాగం ముందుకు వాల్చి, బరువంతా మునివేళ్ల వెనక మెత్త మీద ఆనించాలి. మోచేయి ఒంటికి అంటుకోకుండా జానెడు ముందుకు, బ్యాట్ పొట్ట ఎదుట ఉండాలి. ఖాళీ చేయి వేలాడకుండా అదే ఎత్తులో ఉంటే ఒళ్లు తూకం తప్పదు. జత పిల్లవాడు ఎదుటి నుంచి భుజాన్ని అరచేత్తో తేలిగ్గా నెట్టి చూస్తే లోపం బయటపడుతుంది. వెనక్కి తూలితే బరువు మడమల మీదే ఉంది.

ఇక పుష్. నెట్ దగ్గరగా, బ్యాక్‌స్పిన్‌తో వచ్చిన పొట్టి బంతిని అదే బ్యాక్‌స్పిన్‌తో తిప్పి పంపే దెబ్బ ఇది. బ్యాక్‌స్పిన్ ఉన్న బంతి బ్యాట్‌కు తగలగానే కిందికి దూకుతుంది. అందుకే బ్యాట్‌ను నిలువుగా పెడితే నెట్‌లో పడుతుంది. ముఖం ఆకాశం వైపు కొంత తెరిచి, బంతి వెనక కింది భాగాన్ని తాకుతూ ముంజేతిని ముందుకు, కొద్దిగా కిందికి జరపాలి. కదలిక మోచేతి దగ్గర పుడుతుంది, భుజం దగ్గర కాదు. బంతి టేబుల్ మీద పడి లేచి పైకొసకు చేరేలోపో, చేరినప్పుడో తాకాలి. పొట్టి బంతికి కుడికాలు టేబుల్ కిందికి వేసి లోపలికి వెళ్లి, దెబ్బ కాగానే వెనక్కి రావాలి.

బ్యాక్‌హ్యాండ్ పుష్ కన్నా ఇది కష్టం. బ్యాక్‌హ్యాండ్ వైపు బంతి పొట్ట ఎదుటే ఉంటుంది. ఫోర్‌హ్యాండ్ వైపు మోచేయిని ముందుకు తెచ్చి, ఒంటిని కాస్త కుడికి తిప్పి, బంతిని ఒంటికి ముందే అందుకోవాలి. కొత్తవాళ్లు బంతి పక్కకు వచ్చేదాకా ఆగి, చేయి వెనక్కి లాగి కొడతారు. అది పుష్ కాదు, బాదడం.

స్పిన్ అంటే ఏమిటో చేతికి తెలియజేసే పాఠం నేల మీద బాగా సాగుతుంది. గచ్చునేల చాలు. నడుము ఎత్తు నుంచి ఎడమచేత్తో బంతిని వదిలి, గాలిలో ఉండగానే దాని అడుగును బ్యాట్‌తో ముందుకు రాయాలి. బంతి ఒకటిన్నర రెండు మీటర్ల దూరంలో పడి, ఆగి, వెనక్కి దొర్లి రావాలి. ముందుకే పోతే రాయలేదు, కొట్టారన్నమాట. తప్పొప్పులు బంతే చెబుతుంది గనుక ఎనిమిది మంది ఒకేసారి చేసినా పీఈటీ పక్కన ఉండనక్కర్లేదు. ఎంత రాసినా ఎవరి బంతీ వెనక్కి రాకపోతే మాత్రం బ్యాట్లనే అనుమానించాలి. పాతబడి నున్నగా మెరిసే రబ్బరు బంతిని పట్టదు. తడిగుడ్డతో తుడిచినా జారిపోతే ఆ బ్యాట్‌ను ఈ పాఠానికి వాడకూడదు.

ఇప్పుడు పీరియడ్‌ను విడదీసి చూడవచ్చు. మొదటి 5 నిమిషాలు అందరూ వరుసల్లో నిలబడి పట్టు, నిలబడే తీరు సరిచూసుకుంటారు. చివరి 3 నిమిషాలు సామాను సర్దడానికి. మిగిలిన 32 నిమిషాల్లో ఎనిమిదేసి మంది ఉన్న నాలుగు జట్లు, నాలుగు చోట్ల, 8 నిమిషాలకొకసారి మారుతాయి. ఒకచోట నేల మీద స్పిన్. ఇంకోచోట సుద్దగీత దగ్గర బంతి లేకుండా పుష్ కదలిక, కాలు లోపలికి వేసి వెనక్కి రావడం. ఇక్కడ ఒకరు చేస్తుంటే జతవారు చూసి దిద్దుతారు. బ్యాట్లు చాలకపోతే కోత పెట్టవలసింది ఇక్కడే. మూడోచోట ఎర్రవైపు మీద బంతిని జానెడు ఎత్తుకు మించకుండా ఎగరేస్తూ నడవడం. నాలుగోది టేబుళ్ల చోటు.

టేబుళ్ల దగ్గరి ఎనిమిది మందిలో నలుగురు పీఈటీతో మల్టీబాల్ ఆడతారు. పెట్టెలో 20 బంతులుంటే చాలు. పీఈటీ బంతిని తనవైపు టేబుల్ మీద ఒకసారి పడనిచ్చి, అడుగున కోసి, మూడు సెకన్లకొకటి చొప్పున ఫోర్‌హ్యాండ్ వైపు పంపాలి. ఒకరు పది బంతులు ఆడతారు, ఒకరు సిద్ధంగా ఉంటారు, ఇద్దరు బంతులు ఏరుతారు. అరనిమిషానికి ఒకరి వంతు అవుతుంది. 4 నిమిషాల్లో ప్రతి ఒక్కరికీ రెండు వంతులు, అంటే 20 సిసలైన పుష్‌లు. రెండో టేబుల్ మీద మిగతా నలుగురు రెండు జతలుగా ఎవరి సగంలో వాళ్లు సూటిగా ఆడతారు. 4 నిమిషాలయ్యాక రెండు టేబుళ్ల వాళ్లూ చోట్లు మార్చుకుంటారు. ఒక్కో సగం వెడల్పు 76 సెంటీమీటర్లే అయినా పుష్ కురచ దెబ్బ గనుక సరిపోతుంది. డ్రైవ్ నేర్పేటప్పుడు ఈ సర్దుబాటు పనికిరాదు, చేతులు తగులుకుంటాయి. ఎడమచేతివాటం పిల్లలను ఎప్పుడూ ఎడమ సగంలోనే నిలపాలి. కుడి సగంలో ఉంటే వాళ్ల ఫోర్‌హ్యాండూ పక్కవాళ్ల ఫోర్‌హ్యాండూ టేబుల్ నడిమధ్యన కలుస్తాయి.

ఈ రెండో టేబుల్ దగ్గరే అసలు చిక్కు వస్తుంది. ఇద్దరు కొత్తవాళ్లు పుష్ చేసుకుంటుంటే ఒకరి బంతిలో తరచు స్పిన్ ఉండదు. స్పిన్ లేని బంతిని తెరిచిన బ్యాట్‌తో సరిగ్గా పుష్ చేసినా పైకి లేస్తుంది. పిల్లవాడు తన బ్యాట్ కోణమే తప్పనుకుని దాన్ని నిలువు చేస్తాడు. ఆ తరువాత మల్టీబాల్‌కు వెళ్లి వరసగా నెట్‌లో వేస్తాడు. దీనికి చవకైన ఉపాయం, బంతి చుట్టూ స్కెచ్‌పెన్‌తో దట్టమైన పట్టీ గీయడం. గిర్రున తిరుగుతున్న బంతి మీద ఆ గీత అలుక్కుపోతుంది, స్పిన్ లేని బంతి మీద స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు తప్పు పంపినవాడిదో, తీసుకున్నవాడిదో ఇద్దరికీ తెలుస్తుంది. పీఈటీ కూడా తన చేత్తో పంపే బంతులను ఇలా పరీక్షించుకోవడం మంచిది.

స్పిన్ ఉన్న బంతే పైకి లేస్తుంటే ఆలస్యంగా, బంతి దిగుతున్నప్పుడు తాకుతున్నారేమో చూడాలి. చాలాసార్లు కారణం అదే. నెట్‌లో పడుతుంటే బ్యాట్ నిలువుగా ఉందన్నా, ముందుకు పోకుండా నేరుగా కిందికి నరుకుతున్నారన్నా అనుకోవాలి. టేబుల్ దాటి పోతుంటే చేయి భుజం నుంచి ఊగుతోంది. ఎప్పుడూ కుడిపక్కకే పోతుంటే మణికట్టు వెనక్కి వంగింది, మళ్లీ పట్టు దగ్గరికి వెళ్లాలి. ఒకసారి ఒక లోపమే చెప్పాలి, అదీ పది బంతులూ అయిపోయాక.

ఎత్తు అదుపులోకి వచ్చిందో లేదో చూడటానికి నెట్ పైన మరో జానెడు ఎత్తులో దారం కడతారు. జతలోని ఇద్దరూ ఆ దారానికీ నెట్‌కూ మధ్య నుంచి ఎనిమిది పది పుష్‌లు ఆపకుండా ఆడగలిగాక, బంతిని ఒకసారి ఫోర్‌హ్యాండ్‌కు, ఒకసారి బ్యాక్‌హ్యాండ్‌కు మార్చి పంపడం మొదలుపెట్టవచ్చు.