ఇద్దరు ఖైదీలు, నాలుగు గళ్లు

1950లో గణితవేత్త ఆల్బర్ట్ టకర్ ఒక లెక్కను ఖైదీల కథగా చెప్పాడు. ఇద్దరు నిందితులు, వేర్వేరు గదులు. శిక్షలు ఇలా అనుకుందాం. ఇద్దరూ నోరు మెదపకపోతే చెరో ఏడాది జైలు. ఇద్దరూ నేరం ఒప్పుకుంటే చెరో 5 ఏళ్లు. ఒక్కడే ఒప్పుకుంటే వాడికి విడుదల, రెండోవాడికి 10 ఏళ్లు.

ఇలాంటి పట్టికలో ముందుగా అవతలివాడి ఎత్తును స్థిరంగా పట్టుకోవాలి. వాడు మౌనంగా ఉంటే, నాకు మౌనానికి 1 ఏడాది, ఒప్పుకుంటే 0. వాడు ఒప్పుకుంటే, మౌనానికి 10, ఒప్పుకుంటే 5. ఎటు చూసినా ఒప్పుకోవడమే మేలు. అదే ఆధిపత్య వ్యూహం. రెండోవాడి లెక్కా ఇదే. ఇద్దరి పట్టికలోనూ మౌనాన్ని కొట్టేస్తే, చెరో 5 ఏళ్ల గడి ఒక్కటే మిగులుతుంది.

అక్కడినుంచి ఒక్కడే మాట మారిస్తే వాడి శిక్ష 10కి పెరుగుతుంది. అందుకే ఎవరూ కదలరు. ఇదే నాష్ సమతౌల్యం. చాలామంది ఇద్దరి శిక్షలూ కూడి, మొత్తం తక్కువున్న గడిని ఎంచుతారు. అది పొరపాటు. చెరో ఏడాది గడిలో ఒప్పుకున్నవాడు విడుదలవుతాడు కాబట్టి ఆ మౌనం నిలవదు.

ఆధిపత్య వ్యూహం లేని పట్టికల్లో ప్రతి గడినీ ఇలాగే విడిగా పరీక్షించాలి.