ఇరవై నిమిషాల లెక్క

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. పొట్టకు చిన్న గాటు పెట్టి లాపరోస్కోపుతో చేసే పద్ధతి అది. పొద్దున వచ్చినవాళ్లు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆ తర్వాతి రోజుల్లో వారిలో నలుగురు చనిపోయారు. మిగతావారిని హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించాల్సి వచ్చింది. ఇన్‌ఫెక్షనే కారణమని విచారణలో తేలింది.

ఇలాంటి వార్త చదివినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఒకరి కడుపులోంచి బయటికి తీసిన లాపరోస్కోపు, మరొకరి కడుపులోకి వెళ్లేలోపు దానికి ఏం జరగాలి?

కేంద్ర ఆరోగ్యశాఖ ప్రమాణాల ప్రకారం ఒక బృందం రోజుకు 30కి మించి ఈ ఆపరేషన్లు చేయకూడదు. అదీ మూడు లాపరోస్కోపులు ఉంటేనే. ఈ మూడు అనే సంఖ్య వెనక ఒక లెక్క ఉంది. పాతరకం లాపరోస్కోపు లోపలి కటకాలు ఆటోక్లేవు వేడికి తట్టుకోలేవు. అందుకే శిబిరాల్లో ఒక కేసుకీ మరో కేసుకీ మధ్య దాన్ని రెండు శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో నానబెడతారు. సిబ్బంది నోట అది సైడెక్స్. అందులో కనీసం 20 నిమిషాలు మునిగి ఉండాలి.

చేతిలో ఒక్కటే లాపరోస్కోపు ఉందనుకుందాం. 34 ఆపరేషన్ల మధ్య 33 సార్లు నానబెట్టాలి. నానబెట్టడానికే 660 నిమిషాలు, అంటే 11 గంటలు కావాలి. కడగడం, ఆరబెట్టడం, ఆపరేషన్ సమయం ఇందులో కలపలేదు. మూడు ఉంటే ఒక్కోదాని వాటాకు వచ్చే నానబెట్టే సమయం నాలుగు గంటల లోపే. కాబట్టి ఏ శిబిరంలోనైనా ఆపరేషన్ల సంఖ్య, లాపరోస్కోపుల సంఖ్య, మొదలైన వేళ, ముగిసిన వేళ తెలిస్తే చాలు. 20 నిమిషాలు నిజంగా ఇచ్చారో లేదో కాగితం మీదే బయటపడుతుంది.

ఆ 20 నిమిషాలు కూడా పూర్తి రక్షణ కాదు. అది డిసిన్‌ఫెక్షన్ మాత్రమే. అంటే మామూలు బ్యాక్టీరియా, వైరస్‌లు చస్తాయి గానీ ధనుర్వాతం, గ్యాస్ గాంగ్రీన్ కలిగించే క్రిముల బీజాలు బతికిపోవచ్చు. గట్టి పెంకులో ముడుచుకుని నిద్రపోయే రూపం ఆ బీజాలది. వాటిని కూడా మిగల్చకుండా చంపితేనే స్టెరిలైజేషన్ అంటారు. అదే గ్లూటరాల్డిహైడ్‌తో ఆ పని జరగాలంటే 10 గంటలు పడుతుంది. శరీరం లోపలికి వెళ్లే పరికరాలన్నీ స్టెరిలైజ్ అయి ఉండాలనేది అసలు సూత్రం. అలా చేయడానికి వీలులేని చోటే గట్టి డిసిన్‌ఫెక్షన్‌తో సర్దుకుంటారు.

నానబెట్టే ముందు జరగాల్సిన పని ఇంకొకటుంది. గ్లూటరాల్డిహైడ్ తగిలితే రక్తంలోని ప్రొటీన్ పరికరానికి గట్టిగా అంటుకుపోతుంది. సరిగా కడగకుండా ముంచితే ఆ పొర కింద క్రిములు దాక్కుంటాయి. కడిగాక తడి ఆరకుండా ముంచినా ఇబ్బందే. కేసుకు కొంత చొప్పున నీళ్లు చేరి సాయంత్రానికి ద్రావణం పలచబడుతుంది. దాని బలం పరీక్షించడానికి స్ట్రిప్పులు ఉంటాయి. చివరగా పరికరాన్ని స్టెరైల్ నీటితోనే కడగాలి. ట్రేలో పోసుకున్న కుళాయి నీళ్లలో ముంచి తీస్తే అంతవరకూ చేసిందంతా వృథా.

వేడికి తట్టుకునే కత్తెరలు, ఫోర్సెప్స్, గుడ్డలది వేరే దారి. అవి ఆటోక్లేవులోకి వెళ్తాయి. పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ చాంబర్లాండ్ 1879లో దీన్ని రూపొందించాడు. పనిచేసే తీరు వంటింటి ప్రెషర్ కుక్కర్‌దే. చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం దగ్గర ఆవిరి 121 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. విడి పరికరాలకు ఆ వేడిలో 15 నిమిషాలు చాలు. గుడ్డలో చుట్టిన ప్యాకులకు మామూలు ఆటోక్లేవులో 30 నిమిషాలు ఇస్తారు. లోపలి గాలిని పంపుతో లాగేసే పెద్ద యంత్రాల్లో 134 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాల్లోనే పని అయిపోతుంది. ఏ యంత్రమైనా గడియారం మొదలవ్వాల్సింది ఆ వేడి అందుకున్నాకే గానీ స్విచ్ వేసినప్పుడు కాదు.

ఎక్కువగా మోసపోయేది పీడనం ముల్లు దగ్గర. లోపలి గాలి పూర్తిగా బయటికి పోతేనే 15 పౌండ్ల దగ్గర 121 డిగ్రీలు వస్తాయి. సగం గాలి లోపలే ఉండిపోతే ముల్లు అదే 15 చూపిస్తుంది, వేడి మాత్రం 112 దగ్గరే ఆగిపోతుంది. అసలు గాలే పోకపోతే వంద డిగ్రీలే. అందుకే ఆపరేషన్ థియేటర్లో అనుభవమున్న నర్సులు ముందు చూసేది డ్రెస్సింగ్ డ్రమ్ము పక్కనుండే రంధ్రాల్ని. లోపల పెట్టేటప్పుడు అవి తెరిచి ఉండాలి, తీసిన వెంటనే మూసేయాలి. మూసిన రంధ్రాలతో పెడితే డ్రమ్ములోకి ఆవిరి చేరదు. గుడ్డలు కుక్కి కుక్కి నింపినా అంతే.

మరి లోపల నిజంగా స్టెరిలైజ్ అయిందని ఎలా తెలుస్తుంది? ప్యాకు మీద అంటించిన టేపుపై నల్లచారలు వస్తే అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అది ఆటోక్లేవులోకి వెళ్లొచ్చిన ప్యాకు అనడానికే గుర్తు. ప్యాకు నడుమ దాకా ఆవిరి చేరిందో లేదో టేపు చెప్పలేదు. గట్టి పరీక్ష క్రిములతోనే చేస్తారు. జియోబాసిల్లస్ స్టెరోథర్మోఫిలస్ అనే వేడికి మొండిగా తట్టుకునే బ్యాక్టీరియా బీజాలున్న చిన్న సీసాను ప్యాకుల మధ్య పెడతారు. తర్వాత దాన్ని 55 నుంచి 60 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. బీజాలు బతికి ఉంటే లోపలి ద్రవం ఊదా నుంచి పసుపుకు తిరుగుతుంది. పక్కనే ఆటోక్లేవులో పెట్టని సీసా ఒకటి ఉంచాలి. అది పసుపు రంగుకు తిరగకపోతే సీసాలోని బీజాలు ముందే చచ్చాయని అర్థం, ఆ పరీక్ష చెల్లదు. తడిగా బయటికొచ్చిన ప్యాకును కూడా వాడకూడదు. తడి గుడ్డ గుండా బయటి క్రిములు లోపలికి పాకుతాయి.

ఆపరేషన్ ముగిశాక బల్ల చుట్టూ మిగిలేది మరో సమస్య. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు దాన్ని రంగుల వారీగా విడదీయమంటున్నాయి. రక్తం అంటిన దూది, గాజు గుడ్డ పసుపు సంచిలోకి వెళ్లి కాలిపోతాయి. గ్లవుజులు, సెలైన్ గొట్టాలు, సూది తీసిన సిరంజిలు ఎర్ర సంచిలో పడాలి. సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లుపడని తెల్లటి డబ్బాకు, గాజు సీసాలు నీలం డబ్బాకు చేరాలి.

ప్లాస్టిక్ గొట్టం పొరపాటున పసుపు సంచిలో పడితే నష్టం ఆసుపత్రి గోడ దాటిపోతుంది. సెలైన్ గొట్టాల్లో చాలావరకు పీవీసీయే. అందులో క్లోరిన్ ఉంటుంది కాబట్టి కాలిస్తే డయాక్సిన్లు అనే విషాలు గాల్లో కలుస్తాయి. ఎర్ర సంచి కాలదు, ఆటోక్లేవుకు వెళ్తుంది. అక్కడి లెక్క మాత్రం వేరు. గాలి తనంతట తాను బయటికి పోయే యంత్రంలో అదే 121 డిగ్రీల దగ్గర వ్యర్థాలను కనీసం 60 నిమిషాలు ఉంచాలని నిబంధన. పరికరాలు కడిగాక లోపలికి వెళ్తాయి. వ్యర్థాలు మాత్రం తడితో, ముద్దగా, ఎంత క్రిమి భారంతో ఉన్నాయో తెలియకుండా వెళ్తాయి.

ఆటోక్లేవు తర్వాత ఆ ప్లాస్టిక్‌ను ముక్కలు చేస్తారు. 2009లో గుజరాత్‌లోని మొడాసా చుట్టుపక్కల హెపటైటిస్-బి విజృంభించి పదుల మంది చనిపోయినప్పుడు, వాడిన సిరంజిల్నే మళ్లీ వాడుతున్న వైనం బయటపడింది. ముక్కలైన సిరంజిని కడిగి, ప్యాకు కట్టి మళ్లీ అమ్మడం ఎవరి వల్లా కాదు.