చేను చుట్టూ ఐదు వరుసలు

బీటీ పత్తి విత్తనం కొంటే 450 గ్రాముల సంచితో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు. అందులో ఉండేది బీటీ కాని విత్తనం. దాన్ని చేను చుట్టూ కనీసం ఐదు వరుసలు, లేదా విస్తీర్ణంలో ఐదో వంతు, ఏది ఎక్కువైతే అంత వేయాలని నియమం. చాలామంది వేయలేదు. చేతులారా పురుగును మేపడమెందుకని రైతు అడగడం సహజమే. జవాబు పురుగు పేగులోనే ఉంది.

బీటీ మొక్క ఆకుల్లో, కాయల్లో క్రై ప్రొటీన్ తయారవుతుంది. మట్టిలో బతికే ఒక బాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువు చేసే పని అది. పురుగు కాయను తొలిస్తే ఆ ప్రొటీన్ దాని పేగులోకి చేరుతుంది. మన పొట్టలో ఆమ్లం ఉంటుంది, ఈ పురుగు పేగులో మాత్రం గట్టి క్షారం. అందులో ప్రొటీన్ కరుగుతుంది. అక్కడి ఎంజైములు దాన్ని కత్తిరించి, విషంగా పనిచేసే ముక్కను మిగులుస్తాయి. పేగు గోడ కణాల మీద క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఈ ముక్కలు దానికి అతుక్కుని, ఒకదానితో ఒకటి జతకట్టి, కణం పొరకు రంధ్రం పెడతాయి. లవణాలు, నీరు లోపలికి చొరబడి కణం ఉబ్బి పగులుతుంది. పురుగు తిండి మానేసి కొద్ది రోజుల్లో చస్తుంది. మన పేగు కణాల మీద ఇది అతుక్కునే చోటు లేదు.

ఎక్కడో ఒక పురుగులో క్యాడ్‌హెరిన్ జన్యువు మారిందనుకోండి. విషానికి పట్టు దొరకదు, పురుగు బతుకుతుంది. అయితే ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే బతికేది. ఒకవైపు నుంచే వస్తే చస్తుంది. చుట్టూ ఉన్న మామూలు పత్తి మీద పెరిగిన మామూలు రెక్కల పురుగులతో ఇలాంటి అరుదైనది జతకడితే, పిల్లలకు ఒక్క వైపు మార్పే అందుతుంది. అవి బీటీ కాయ తిని చస్తాయి. ఆ వరుసలు లేకపోతే బతికినవి బతికినవాటితోనే జతకడతాయి.

మన దగ్గర కందిని ఆశ్రయ పంటగా వేయడమూ ఉంది. శనగపచ్చ పురుగుకు అది సరిపోతుంది, ఎందుకంటే అది కంది, శనగ, టమాటా అన్నీ తింటుంది. గులాబీ రంగు పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతుంది, దానికి కంది ఆశ్రయం కాదు. ఆ పురుగే తట్టుకోవడం నేర్చింది. మొదటి తరం బీటీని అది తట్టుకుంటోందని గుజరాత్‌లో 2010లో బయటపడింది. తర్వాత రెండు ప్రొటీన్ల బీటీ-2 కూడా దాని ముందు ఓడింది. అమెరికాలోని అరిజోనాలో రైతులు ఆశ్రయ వరుసలు పాటించారు. అక్కడ 1996 తర్వాత దశాబ్దం దాటినా ఆ పురుగు బీటీకి లొంగుతూనే ఉంది.

ఇప్పుడు బీటీ కాని విత్తనాన్ని అదే సంచిలో కలిపి అమ్ముతున్నారు. కానీ ఇప్పటికే విషాన్ని తట్టుకుంటున్న గులాబీ పురుగును అదొక్కటే ఆపలేదు. పూతలో విచ్చుకోని గుడ్డి పూలు కనిపిస్తే ఏరి నాశనం చేయండి, లింగాకర్షక బుట్టలు పెట్టండి, డిసెంబరు దాటాక పత్తి మోళ్లను చేలో ఉంచకండి.