పొట్ట ఊసెత్తని జిమ్ మెయిల్

డిసెంబరు ఆఖరి వారంలో జిమ్‌ల నుంచి వచ్చే మెయిళ్లన్నీ ఇంచుమించు ఒకే అచ్చు. ‘పెరిగిన పొట్టను 30 రోజుల్లో కరిగించండి! ఏడాది ప్యాకేజీ సగం ధరకే, ఈ రాత్రి వరకే!’

పంపినవాళ్లకు మన పొట్ట ఎప్పుడు కనిపించిందట? అదే మెయిల్ బాలింతకూ వెళ్తుంది, స్టెరాయిడ్ మందులు వాడుతూ ఒళ్లు వచ్చినవారికీ వెళ్తుంది. 2015లో లండన్ మెట్రో స్టేషన్లలో ‘మీ ఒళ్లు బీచ్‌కి సిద్ధమేనా’ అని అడిగే ప్రకటన మీద జనం మండిపడ్డారు. మరుసటి ఏడాది మేయర్ సాదిక్ ఖాన్ నగర రవాణా సంస్థలో అలాంటి ప్రకటనలనే ఆపించారు.

అవమానం సంగతి అలా ఉంచితే, ఆ 30 రోజుల మాటే జిమ్‌కు ఎక్కువ చేటు. కొత్తగా బరువులెత్తేవారికి మొదటి నెలలో బలం పెరుగుతుంది. కండ పెరిగి కాదు, ఉన్న కండను వాడుకోవడం నరాలు నేర్చుకోవడం వల్ల. అద్దంలో తేడా కనబడాలంటే సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. పైగా అలవాటులేని శ్రమకు కండరాల్లో నీరు చేరి, మొదటి వారాల్లో తూకం కాస్త పెరగొచ్చు కూడా. తగ్గుతానని డబ్బు కట్టిన మనిషి కిలో పెరిగితే మళ్లీ వస్తాడా?

ఆ మాట ముందే చెప్పే మెయిల్ ఇలా ఉండొచ్చు: ‘మొదలుపెట్టడానికి వారానికి రెండు రోజులు రండి. మొదటిసారి వ్యాయామం చేశాక రెండు మూడు రోజులు ఒళ్లు నొప్పులుంటాయి. నెల తిరిగేసరికి తూకం కదలకపోవచ్చు, ఎత్తే బరువు మాత్రం పెరుగుతుంది. సాయంత్రం 6 నుంచి 8 దాకా రద్దీ, ట్రెడ్‌మిల్ కోసం ఆగాల్సి రావొచ్చు.’ ‘ముందు–తర్వాత’ ఫొటోల బదులు జిమ్ గది ఫొటో ఒకటి పెడితే చాలు.

ఇక ధర. అమెరికా జిమ్‌ల లెక్కలు చూసి డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు 2006లో ఓ పరిశోధన ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున నెలకు నాలుగైదు సార్లే వచ్చారు. అంటే వచ్చిన ప్రతిసారికీ 17 డాలర్లు పైమాటే. పదిసార్ల పాసు తీసుకుంటే ఒక్కోసారికి 10 డాలర్లే అయ్యేది. కాబట్టి నిజాయితీ గల మెయిల్ ఏడాది ధర పక్కనే నెల ధర, పదిసార్ల పాసు ధర చూపాలి. మానేస్తే ఎంత వెనక్కిస్తారో కూడా అక్కడే రాయాలి. ఏడాది సొమ్ము ఒకేసారి చేతిలో పడితే అద్దెకు ఆదుకుంటుందని యజమాని అంటాడు. నిజమే, కానీ రానివాళ్ల డబ్బుతో నడిచే లెక్క అది.

ఈ జనవరిలో ఏడాది ప్యాకేజీ మెయిల్ వస్తే, ముందు ఒక్క నెలకే కడతామని అడగండి. కుదరదంటే, డబ్బు వెనక్కిచ్చే షరతు కాగితం మీద రాయించుకున్నాకే కట్టండి.